కాటలేజ్, కోయాగులేజ్, ఆక్సిడేజ్: చీము కల్చర్‌లో ఈ మూడు పరీక్షలు తప్పు పోకుండా చేసే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు, డీఎంఎల్‌టీ చదివే పిల్లలు ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. "స్లైడ్ కోయాగులేజ్ నెగెటివ్ వచ్చింది, ట్యూబ్ సాయంత్రం పాజిటివ్, పొద్దున చూస్తే నెగెటివ్. రిపోర్టులో ఏది రాయాలన్నా?" ఇంకొకరికి ప్రతి కాలనీకీ కాటలేజ్ పాజిటివ్ వస్తోంది. మరొకరికి ఆక్సిడేజ్ పేపర్ మొత్తం ఊదాగా మారిపోతోంది.

ఈ మూడూ నిమిషాల్లో అయ్యే పరీక్షలే, ట్యూబ్ కోయాగులేజ్ ఒక్కటే గంటలు పడుతుంది. తప్పు మాత్రం దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే జరుగుతుంది: కాలనీ ఏ ప్లేట్ మీద నుంచి తీశాం, దేనితో తీశాం, ఎంతసేపటికి చదివాం. రోజూ ఎక్కువగా వచ్చేది చీము కల్చరే కాబట్టి దాన్నే పట్టుకుని వరుసగా చెప్తాను.

1. ముందు గ్రామ్ స్టెయిన్, తర్వాతే మిగతావి

కాలనీని చూసి నేరుగా పెరాక్సైడ్ బాటిల్ అందుకోవద్దు. గ్రామ్ స్టెయిన్ చెప్పినదాన్ని బట్టే ఏ పరీక్ష చేయాలో తేలుతుంది.

గ్రామ్ పాజిటివ్ కోకై కనిపిస్తే కాటలేజ్ చేయండి. అది పాజిటివ్ అయితే సాధారణంగా స్టెఫైలోకోకస్ వైపు వెళ్తాం, అప్పుడు కోయాగులేజ్. నెగెటివ్ అయితే స్ట్రెప్టోకోకస్ లేదా ఎంటరోకోకస్ దారి, అక్కడ కోయాగులేజ్‌తో పనిలేదు. గ్రామ్ నెగెటివ్ బాసిల్లై కనిపిస్తే ఆక్సిడేజ్. వాటికి కాటలేజ్ చేసి లాభం లేదు, ఇ. కోలై కూడా పాజిటివే, సూడోమొనాస్ కూడా పాజిటివే.

కాలనీ 18 నుంచి 24 గంటల వయసుది అయి ఉండాలి, ప్యూర్‌గా ఉండాలి. చీములో రెండు మూడు రకాలు కలిసి పెరగడం మామూలే. పక్కపక్కన అంటుకున్న కాలనీల నుంచి తీస్తే మూడు పరీక్షలూ మూడు దారుల్లో పోతాయి. అనుమానంగా ఉంటే న్యూట్రియెంట్ అగార్ మీద సబ్‌కల్చర్ చేసి ఒక రోజు ఆగండి. ఆ ఒక్క రోజు ఆలస్యం తప్పు రిపోర్టు కన్నా మేలు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, మన జిల్లాల్లో ఇది మరీ అవసరం. గొర్రెలు, మేకలు కాసేవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం మనది. రోజుల తరబడి జ్వరం, కీళ్లనొప్పులతో వచ్చిన మనిషి బ్లడ్ కల్చర్‌లో చాలా నెమ్మదిగా, సన్నటి కాలనీలు పెరిగి, గ్రామ్ స్టెయిన్‌లో చిన్నచిన్న గ్రామ్ నెగెటివ్ కోకోబాసిల్లై కనిపిస్తే బ్రూసెల్లా కావచ్చు. దానికి కాటలేజ్, ఆక్సిడేజ్ రెండూ పాజిటివే. కానీ బల్ల మీద పెరాక్సైడ్ వేస్తే పగిలే బుడగల నుంచి తుంపర గాల్లోకి లేస్తుంది, ల్యాబ్ వాళ్లకు బ్రూసెల్లా అంటుకునేది ఎక్కువగా అలా గాలి ద్వారానే. ప్లేట్ మూసి, టేపు వేసి, పెద్దవాళ్లకు చెప్పండి. బయోసేఫ్టీ క్యాబినెట్ లేకుండా దాన్ని తెరవొద్దు. ప్లేట్ వాసన చూసే అలవాటు ఏ కల్చర్‌కైనా మానేయండి.

2. బల్ల మీద సిద్ధంగా ఉండాల్సినవి

- 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ముదురు రంగు బాటిల్‌లో, ఫ్రిజ్‌లో
- చెక్క పుల్లలు లేదా టూత్‌పిక్‌లు (ఆటోక్లేవ్ చేసినవి)
- శుభ్రమైన స్లైడ్లు, నార్మల్ సెలైన్
- కుందేలు ప్లాస్మా, ఈడీటీఏ కలిపినది
- చిన్న గాజు ట్యూబులు, 37 డిగ్రీల వాటర్ బాత్ లేదా ఇంక్యుబేటర్
- ఆక్సిడేజ్ రీజెంట్ లేదా డిస్కులు, ఫిల్టర్ పేపర్
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం
- కంట్రోల్ స్ట్రెయిన్లు

పెరాక్సైడ్ గురించి ఒక మాట. మెడికల్ షాపులో దొరికే బాటిల్ మీద సాధారణంగా '20 వాల్యూమ్స్' అని ఉంటుంది. అంటే అది దాదాపు 6 శాతం. ఒక వంతు పెరాక్సైడ్‌కు ఒక వంతు డిస్టిల్డ్ వాటర్ కలిపితే 3 శాతం అవుతుంది. వేడికీ వెలుతురుకీ అది విడిపోయి ఉత్త నీళ్లుగా మారుతుంది కాబట్టి ఏప్రిల్, మే ఎండల్లో బల్ల మీద వదిలేసిన బాటిల్‌ను నమ్మొద్దు. పొద్దున్నే తెలిసిన స్టెఫైలోకోకస్ మీద ఒక చుక్క వేసి చూస్తే సత్తా ఉందో లేదో తెలిసిపోతుంది.

కంట్రోల్‌గా స్టెఫైలోకోకస్ ఆరియస్ (ఏటీసీసీ 25923) కాటలేజ్‌కూ కోయాగులేజ్‌కూ పాజిటివ్. కాటలేజ్ నెగెటివ్‌కు స్ట్రెప్టోకోకస్ పయోజెనిస్, కోయాగులేజ్ నెగెటివ్‌కు స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్. ఆక్సిడేజ్‌కు సూడోమొనాస్ ఎరూజినోసా (ఏటీసీసీ 27853) పాజిటివ్, ఇ. కోలై (ఏటీసీసీ 25922) నెగెటివ్.

3. కాటలేజ్

1. స్లైడ్‌ను ఖాళీ పెట్రీ డిష్‌లో పెట్టండి.
2. టూత్‌పిక్‌తో కాలనీ పైభాగం మాత్రమే తాకి తీసి, పొడి స్లైడ్ మీద రుద్దండి.
3. దాని మీద ఒక చుక్క పెరాక్సైడ్ వేసి వెంటనే మూత పెట్టండి. కలపొద్దు.
4. మూత మీద నుంచే చూడండి. చుక్క పడీ పడగానే బుడగలు బుసబుసా పొంగితే పాజిటివ్.

ముందు కాలనీ, తర్వాత పెరాక్సైడ్. ఈ వరుస తిప్పొద్దు. చుక్క ముందు వేసి అందులో లూప్ ముంచితే, నైక్రోమ్ లూప్ అయితే తీగే బుడగలు పుట్టిస్తుంది. బ్యాక్టీరియా లేని లూప్ ముంచినా అదే కనిపిస్తుంది, కావాలంటే మీరే చూడండి. అందుకే టూత్‌పిక్ అనేది.

అన్నీ పాజిటివ్ వస్తున్నాయంటే చాలావరకు కారణం బ్లడ్ అగార్. ఎర్ర రక్తకణాల్లోనే కాటలేజ్ ఉంటుంది. కాలనీతో పాటు కాస్త అగార్ గీరుకుని వచ్చినా బుడగలు వస్తాయి. అనుమానం తీరాలంటే కాలనీ లేని చోట అదే బ్లడ్ అగార్ చిన్న ముక్క తీసి దాని మీద చుక్క వేసి చూడండి. న్యూట్రియెంట్ అగార్ మీద నుంచి తీస్తే ఈ గొడవే ఉండదు.

ఇరవై ముప్పై సెకన్ల తర్వాత నాలుగు సన్న బుడగలు తేలితే దాన్ని పాజిటివ్ అనుకోవద్దు. కొన్ని ఎంటరోకోకస్ స్ట్రెయిన్లు అలాంటి బలహీనమైన బుడగలు ఇస్తాయి. దాన్ని స్టెఫైలోకోకస్ అనుకుని కోయాగులేజ్ పెడితే, సిట్రేట్ ప్లాస్మాలో అది గడ్డ కట్టించే ప్రమాదం కూడా ఉంది, ఎలాగో కింద చెప్తాను. ఇక కాలనీ రెండు మూడు రోజుల పాతదైతే ఎంజైమ్ తగ్గిపోయి నిజమైన పాజిటివ్ కూడా నెగెటివ్‌గా కనిపించవచ్చు.

4. స్లైడ్ కోయాగులేజ్

స్లైడ్ మీద మనం చూసేది బ్యాక్టీరియా ఒంటికి అంటిపెట్టుకుని ఉన్న క్లంపింగ్ ఫ్యాక్టర్‌ను. ట్యూబ్‌లో చూసేది అది బయటికి వదిలే కోయాగులేజ్‌ను. రెండూ వేర్వేరు పదార్థాలు. కాబట్టి ఒకటి పాజిటివ్, ఇంకొకటి నెగెటివ్ రావడంలో వింతేమీ లేదు.

1. స్లైడ్ మీద రెండు చోట్ల చిన్న సెలైన్ చుక్కలు వేయండి.
2. రెండింటిలోనూ కాలనీ కలిపి చిక్కగా, ఉండలు లేకుండా చేయండి.
3. ఉండలు ముందే కడితే అక్కడితో ఆపండి, ఆ స్ట్రెయిన్‌కు స్లైడ్ పనికిరాదు, ట్యూబ్‌కు వెళ్లండి.
4. ఒక చుక్కలో మాత్రమే లూప్‌తో ప్లాస్మా కలపండి.
5. 10 సెకన్లలోపు కంటికి కనిపించే ఉండలు కడితే పాజిటివ్. ప్లాస్మా లేని చుక్క అలాగే ఉండాలి.

మానిటాల్ సాల్ట్ అగార్ మీద నుంచి కాలనీ తీయొద్దు. అందులో ఉప్పు 7.5 శాతం ఉంటుంది, ఆ కాలనీలు ప్లాస్మా లేకుండానే ఉండలు కడతాయి. మానిటాల్ పసుపు అయిందని సంతోషపడి అక్కడి నుంచే స్లైడ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

స్లైడ్ పాజిటివ్ వస్తే ఆరియస్ అని తాత్కాలికంగా అనుకోవచ్చు. స్టెఫైలోకోకస్ లగ్డునెన్సిస్ కూడా స్లైడ్ మీద పాజిటివ్ ఇవ్వగలదు, ట్యూబ్‌లో మాత్రం నెగెటివ్. ఇక స్లైడ్ నెగెటివ్ వస్తే దాని మీద ఆధారపడి ఏమీ రాయొద్దు. స్లైడ్‌లో దొరక్కుండా పోయే ఆరియస్ స్ట్రెయిన్లు నూటికి పది, పదిహేను దాకా ఉండొచ్చని పుస్తకాలే చెప్తాయి. స్లైడ్ నెగెటివ్ అయిన ప్రతిదానికీ ట్యూబ్ పెట్టాల్సిందే.

5. ట్యూబ్ కోయాగులేజ్: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

1. మూడు ట్యూబులు తీసుకోండి: శాంపిల్, పాజిటివ్ కంట్రోల్, నెగెటివ్ కంట్రోల్. పేర్లు ముందే రాయండి.
2. కుందేలు ప్లాస్మాను బాటిల్ మీద చెప్పిన నీటితో కరిగించి ఒక్కోదాంట్లో 0.5 మిల్లీలీటర్ పోయండి.
3. రెండు మూడు పెద్ద కాలనీలు తీసి ట్యూబ్ గోడకు రుద్ది నెమ్మదిగా కలపండి.
4. 37 డిగ్రీల దగ్గర పెట్టండి.
5. 1, 2, 4 గంటలకు చూడండి. ప్రతిసారీ టైమ్ వేసి రాయండి.
6. 4 గంటలకూ గడ్డ లేకపోతే ఇంక్యుబేటర్ నుంచి తీసి, గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచి మర్నాడు మళ్లీ చూడండి.

చూడటమంటే ట్యూబ్‌ను మెల్లగా పక్కకు వంచడం, అంతే. జున్నులా గట్టిపడి కదలకుండా ఉంటే తేలికగా తెలుస్తుంది. అడుగున చిన్న గడ్డ ఉండి పైన పలుచగా ద్రవం కదులుతున్నా పాజిటివే. ఊపారంటే ఆ చిన్న గడ్డ చెదిరిపోతుంది, మళ్లీ కట్టకపోవచ్చు. దారాల్లాంటి పోగులు తప్ప సరైన గడ్డ కనిపించకపోతే తాజా కల్చర్‌తో మళ్లీ చేయండి.

సాయంత్రం పాజిటివ్, పొద్దున నెగెటివ్ ఎందుకవుతుందంటే, చాలా ఆరియస్ స్ట్రెయిన్లు స్టెఫైలోకైనేజ్ అనే పదార్థం కూడా తయారు చేస్తాయి. గడ్డ ఒకటి కట్టిస్తుంది, ఇంకొకటి ప్లాస్మాలోని ప్లాస్మినోజెన్‌ను లేపి ఆ గడ్డను కరిగిస్తుంది. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలితే కరిగే పని చక్కగా పూర్తవుతుంది, పొద్దున వచ్చినవాళ్లకు నీళ్లే కనిపిస్తాయి. ఒకసారి గడ్డ కట్టిందని కళ్లారా చూసి రాశారంటే అది పాజిటివే, తర్వాత కరిగినా మారదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పుస్తకంలో గది ఉష్ణోగ్రత అంటే 22 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో కర్నూలులో స్లాబు కింద ఏసీ లేని గదిలో రాత్రిపూట కూడా అంత చల్లగా ఉండదు, పగలైతే ఆ గది ఇంక్యుబేటర్‌తో సమానం. కాబట్టి ఎండాకాలంలో రాత్రి ఉంచాల్సిన ట్యూబులను బయోకెమిస్ట్రీ యంత్రం ఉన్న ఏసీ గదిలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, ఆ చల్లదనానికి గడ్డ కట్టే పనే సాగదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి నాలుగు గంటల రీడింగులు ఎగ్గొట్టకుండా చూడటం. మధ్యాహ్నం రెండింటికి ట్యూబ్ పెట్టి ఐదింటికి ఇంటికెళ్లే డ్యూటీ అయితే పొద్దున తొమ్మిదికి పెట్టేలా పని మార్చుకోండి.

ప్లాస్మా సంగతి. కుందేలు ప్లాస్మా ఖరీదని బ్లడ్ బ్యాంకు ప్లాస్మా వాడేవాళ్లున్నారు. దాంతో మూడు ఇబ్బందులు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగెటివ్ అని తెలియకుండా ముట్టుకోకూడదు. కొందరి ప్లాస్మాలో స్టెఫైలోకోకస్ మీద యాంటీబాడీలు ఉండి రిజల్టును అణచేస్తాయి. మూడోది, బ్యాంకు బ్యాగులో ఉండేది సిట్రేట్. ఎంటరోకోకస్ లాంటివి సిట్రేట్‌ను తినేస్తే కాల్షియం విడుదలై, ప్లాస్మా మామూలుగా గడ్డ కట్టేస్తుంది. అది కోయాగులేజ్ కాదు. ఈడీటీఏ ప్లాస్మాలో ఈ బెడద లేదు. తప్పనిసరై మనిషి ప్లాస్మా వాడితే ప్రతి బ్యాచ్‌నూ పాజిటివ్, నెగెటివ్ కంట్రోళ్లతో చూసి, కంట్రోల్ తేడా వస్తే ఆ బ్యాచ్ పారేయండి.

ఇంకొకటి: కుక్క కరిచిన గాయం నుంచి వచ్చిన చీము అయితే ట్యూబ్ పాజిటివ్ అంటే ఆరియస్ అనే తీర్మానించొద్దు. కుక్కల్లో ఉండే స్టెఫైలోకోకస్ సూడింటర్‌మీడియస్ కూడా ట్యూబ్‌లో పాజిటివే. రిక్వెస్ట్ ఫారంలో గాయం ఎలా అయిందో చూసే అలవాటు పెట్టుకోండి.

6. ఆక్సిడేజ్

రీజెంట్ 1 శాతం టెట్రామిథైల్ పారా ఫెనిలిన్‌డయమీన్ డైహైడ్రోక్లోరైడ్. 0.1 గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే చాలు, ఎక్కువ చేసి నిల్వ పెట్టొద్దు. గాలి తగిలితే అదే ఊదాగా మారుతుంది. వాడే ముందు బాటిల్ చూడండి, రంగు తిరిగి ఉంటే పారబోయండి. డిస్కులకూ ఇదే నియమం.

1. ఫిల్టర్ పేపర్ ముక్క మీద రెండు చుక్కలు వేసి తడపండి, కారేంత వద్దు.
2. టూత్‌పిక్‌తో కాలనీ తీసి తడి మీద రుద్దండి.
3. రుద్దిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టండి. 10 సెకన్లలోపు ముదురు ఊదా వస్తే పాజిటివ్.
4. 10 నుంచి 60 సెకన్ల మధ్య వస్తే ఆలస్యపు పాజిటివ్, మళ్లీ చేసి చూడండి. నిమిషం దాటాక వచ్చే రంగును లెక్కలోకి తీసుకోవద్దు.

పేపర్ మొత్తం ఊదా అయిందంటే అది ఆలస్యంగా చూసినందువల్ల గానీ, పాత రీజెంట్ వల్ల గానీ అయి ఉంటుంది. కాలనీ రుద్దని చోట కూడా రంగు వస్తోందా అని చూడండి. ఇక్కడా నైక్రోమ్ లూప్ వద్దు, తీగలోని ఇనుమే రంగు తెప్పిస్తుంది.

మెక్‌కాంకీ మీద నుంచి ఆక్సిడేజ్ చేయొద్దు. లాక్టోజ్ నుంచి పుట్టే ఆమ్లం పరీక్షను చెడగొడుతుంది, పైగా అక్కడి ఎరుపు రంగు మన కంటిని మోసం చేస్తుంది. న్యూట్రియెంట్ అగార్ లేదా బ్లడ్ అగార్ నుంచి తీయండి.

7. ఒక శాంపిల్ మొదటి నుంచి చివరిదాకా

షుగర్ ఉన్న మనిషి, కాలి పుండు, చీము స్వాబ్. మర్నాడు బ్లడ్ అగార్ మీద రెండు రకాల కాలనీలు: ఒకటి గుండ్రంగా, లేత బంగారు రంగులో, ఇంకొకటి పెద్దగా, బల్లపరుపుగా, బూడిద రంగులో. మెక్‌కాంకీ మీద రంగులేని కాలనీలు మాత్రమే.

మొదటిదాని గ్రామ్ స్టెయిన్‌లో గుత్తులుగా గ్రామ్ పాజిటివ్ కోకై. రెండూ దగ్గరగా పెరిగాయి కాబట్టి ఆ రోజు పరీక్షలేవీ చేయకుండా రెండింటినీ విడివిడిగా న్యూట్రియెంట్ అగార్ మీద వేశాం అనుకోండి.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బంగారు కాలనీకి కాటలేజ్: వెంటనే పొంగింది. స్లైడ్ కోయాగులేజ్: 10 సెకన్లలో ఏమీ లేదు. ట్యూబ్ పెట్టాం. పదింటికి ద్రవమే. పదకొండుకు అడుగున చిన్న గడ్డ. ఒంటిగంటకు ట్యూబ్ వంచితే కదలడం లేదు, పాజిటివ్ కంట్రోల్ గట్టిపడింది, నెగెటివ్ కంట్రోల్ ద్రవంగానే ఉంది. రిజిస్టర్‌లో మూడు టైములూ రాశాం. ఇది స్టెఫైలోకోకస్ ఆరియస్.

రెండో కాలనీ గ్రామ్ నెగెటివ్ బాసిల్లై. న్యూట్రియెంట్ అగార్ మీద ఆకుపచ్చ రంగు అగార్‌లోకి దిగింది. ఆక్సిడేజ్ ఐదారు సెకన్లలో ముదురు ఊదా. మెక్‌కాంకీ మీద లాక్టోజ్ వాడలేదు. ఈ మూడూ కలిపితే సూడోమొనాస్ ఎరూజినోసా అని చెప్పడానికి బలం ఉంది. అదే ఆక్సిడేజ్ నెగెటివ్ వచ్చి ఉంటే అసినెటోబాక్టర్ వైపో, ప్రోటియస్ లాంటి ఎంటరోబాక్టీరియా వైపో వెళ్లి మిగతా బయోకెమికల్స్ పెట్టేవాళ్లం.

ఇప్పుడు స్లైడ్ నెగెటివ్ చూసి ట్యూబ్ పెట్టకుండా 'కోయాగులేజ్ నెగెటివ్ స్టెఫైలోకోకస్' అని రాసేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఎంఆర్‌ఎస్‌ఏ కోసం 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్కు పెడతాం, జోన్ 23 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. సీఎల్‌ఎస్‌ఐ పట్టికలో ఆరియస్‌కు 22 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే సెన్సిటివ్. ఎపిడెర్మిడిస్ లాంటి కోయాగులేజ్ నెగెటివ్ వాటికి 24 లేదా అంతకన్నా తక్కువ ఉంటే రెసిస్టెంట్. ఒకే డిస్కు, ఒకే 23, కానీ తప్పు పేరు వల్ల డాక్టర్ చేతికి వెళ్లే రిపోర్టు తలకిందులవుతుంది. మామూలు క్లోక్సాసిలిన్‌తో తగ్గే పుండుకు వాంకోమైసిన్ ఎక్కించాల్సి వస్తుంది, లేదంటే చర్మం మీది మామూలు బ్యాక్టీరియా కలిసిందిలే అని అసలు కారణాన్నే వదిలేస్తారు.

8. రిపోర్టు మీద సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

- గ్రామ్ స్టెయిన్, కాలనీ, పరీక్షలు ఒకదానితో ఒకటి కుదురుతున్నాయా
- ఏ ప్లేట్ మీద నుంచి తీశామో రాశామా
- ఆ రోజు కంట్రోళ్లు రెండూ సరిగ్గా వచ్చాయా
- స్లైడ్ నెగెటివ్ అయితే ట్యూబ్ పెట్టామా
- 1, 2, 4 గంటల రీడింగులు, చూసినవాళ్ల పేరుతో సహా ఉన్నాయా
- ఆక్సిడేజ్‌ను ఎన్ని సెకన్లకు చదివామో ఉందా

వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ పరీక్ష మళ్లీ పెట్టండి. డ్యూటీ మారేటప్పుడు ట్యూబులు ఇంకా ఇంక్యుబేటర్‌లో ఉంటే వచ్చేవాళ్లకు నోటితో చెప్పి వదిలేయకుండా, ట్యూబ్ స్టాండ్‌కు చీటీ అంటించి ఎన్ని గంటలకు పెట్టారో, ఆఖరిసారి చూసినప్పుడు ఎలా ఉందో రాసి వెళ్లండి.